రాని పుల్కాల ఫొటో

పోయిన శనివారం రాత్రి నేను రాని పుల్కాలకు ఫొటో తీశాను. నవ్వకండి. ఫుడ్ డెలివరీ యాప్ వారి న్యాయశాస్త్రంలో పుల్కాలు రాలేదనడానికి పుల్కాల ఫొటోయే సాక్ష్యం.

మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. అందుకని అమ్మకు నాలుగు పుల్కాలు (80 రూపాయలు), గుత్తివంకాయ కూర (180), పెరుగు (40), నాకు ఎగ్ బిర్యానీ ఆర్డర్ పెట్టాను. సంచీ వచ్చింది. సీలు చెక్కు చెదరలేదు. లోపల బిర్యానీ ఉంది, కూర ఉంది, అంతే. సంచీకి పిన్ను కొట్టిన బిల్లులో మాత్రం నాలుగూ బుద్ధిగా వరుసలో నిలబడి ఉన్నాయి.

కూర డబ్బా మూత ఉబ్బి ఉంది. తీస్తే బుస్సుమంది. అంచుల వెంట సన్నటి నురగ, పులిసిన పల్లీ ముద్ద వాసన. బండి మీద పాతిక నిమిషాలు తిరిగినంత మాత్రాన ఏ కూరా ఇలా పులియదు. ఫ్రిజ్ మొహం చూడకుండా రాత్రంతా గడిపి, మర్నాడు మళ్లీ వేడెక్కి, తాజా కూరగా చెలామణీ అయిన ఘనాపాఠి ఇది.

‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్’ అంటూ చాట్‌లోకి ఒకాయన దిగాడు. పుల్కాలు, పెరుగు రాలేదన్నాను.

‘రాని ఐటెమ్స్ ఫొటో పంపండి సర్.’

‘రాలేదండీ, ఎలా తీయను?’

‘ఫొటో లేకపోతే ప్రాసెస్ అవదు సర్.’

ఖాళీ పళ్లెం తీసి పంపాను. ‘ఇందులో ఐటెమ్ కనిపించడం లేదు, క్లియర్‌గా తీయండి’ అన్నాడు. పళ్లెం కడిగి, తుడిచి, ట్యూబ్‌లైటు కిందకి జరిపి, ఫ్లాష్ వేసి మళ్లీ తీశాను. లేని వస్తువు అంత స్పష్టంగా లేకపోవడం నా జన్మలో చూడలేదు. పోనీ బిల్లు పంపిద్దామని పంపితే, ‘బిల్లులో ఐటెమ్స్ ఉన్నాయి కదా సర్’ అని గెలిచేశాడు. కూర సంగతి ఎత్తితే, ‘ఫొటోలో బాగానే ఉంది సర్’ అన్నాడు. నిజమే, వాసన ఫొటోలో పడదు. ముక్కు మూసుకుని సెల్ఫీ పంపాను. ‘ఇది ఆర్డర్‌కు సంబంధించిన ఫొటో కాదు’ అని జవాబు.

చివరికి కరుణించి 75 రూపాయల కూపన్ ఇచ్చారు. ఏడు రోజుల్లోపు, 299 రూపాయలకు పైన మళ్లీ కొంటేనే చెల్లుతుందట. అంటే పులిసిన కూరకు పరిహారం ఇంకో కూర కొనుక్కునే అవకాశం.

కావాలంటే డెలివరీ కుర్రాడి మీద కంప్లైంట్ పెట్టమన్నారు కూడా. సీలు తెంచి చూసే అధికారం లేనివాడు లోపల పెరుగు ఉందో లేదో ఎలా చెబుతాడు? పెట్టలేదు.

ఇంకో ముచ్చట. 2022 జనవరి నుంచి ఈ హోటల్ తిండి మీద 5 శాతం జీఎస్టీ వసూలు చేసి కట్టే బాధ్యత యాప్‌దే. అంటే రాని పుల్కాలకు నేను నాలుగు రూపాయల పన్ను కూడా కట్టాను. ప్రభుత్వ లెక్కల్లో మా అమ్మ భోంచేసింది.

భోంచేయలేదు. అమ్మకు షుగర్. తినే ముందు ఇన్సులిన్ వేయాలి. ‘మీ ఆర్డర్ గేటు దగ్గరుంది’ అని యాప్ చెబితే నమ్మి వేసేశాను. నేను పళ్లేనికి ఫొటోలు తీస్తూ కూర్చున్నప్పుడు ఆవిడకు చెమటలు పట్టి, చేతులు వణకడం మొదలైంది. శనివారం గుడ్డు తాకదు, ఉన్న కూర తినేలా లేదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పక్కింటివాళ్లని అడిగి అన్నం తెచ్చాను. అవతల ఆయన ‘ఇంకేమైనా సహాయం కావాలా సర్’ అంటున్నాడు. సిగ్గు లేదటయ్యా మీ కంపెనీకి? డబ్బులు ముందే లాక్కుని, తిండి ఎగ్గొట్టి, రుజువు నన్ను తెమ్మంటారా?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి సంస్థలు గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఫోను నంబరు చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ పేరు యాప్ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. సీలున్న సంచీ, బిల్లు, ఉబ్బిన మూత, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ మెయిల్ చేశాను. లెక్క ఇదీ: 80, 40, 180 కలిపితే 300, దాని మీద పన్ను 15, మొత్తం 315 రూపాయలు. నేను కట్టిన బ్యాంకు ఖాతాకే రావాలి. కూపన్‌గా కాదు, వాలెట్‌లోకీ కాదు.

ఇవాళ నాలుగో రోజు. ఉలుకూ పలుకూ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసి నమోదు చేయించాను. నెల గడిచినా ఇంతేనంటే జిల్లా కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు. ఖాళీ పళ్లెం ఫొటో పెద్ద సైజులో ప్రింటు వేయించి మరీ పట్టుకెళ్తాను. నాలుగు పుల్కాలూ ఎంత చక్కగా రాలేదో అయ్యవార్లే చూస్తారు.