రెండు కంప్యూటర్లకు ఒకే మానిటర్: బొమ్మను స్విచ్ గుండా పంపాల్సిన పనిలేదు

రెండు కంప్యూటర్లకు ఒకే మానిటర్, ఒకే కీబోర్డు, ఒకే మౌస్ చాలని అడిగితే దుకాణంలో ఆ మూడింటినీ కంప్యూటర్ల మధ్య మార్చే పెట్టె, కేవీఎం స్విచ్, తీసి చేతిలో పెడతారు. అడిగిన వస్తువు అదే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఉన్నది రెండే కంప్యూటర్లయి, మానిటర్‌కు రెండు ఇన్‌పుట్లు ఉంటే, బొమ్మను ఆ పెట్టెలోంచి పంపడం వల్ల ఖర్చు, తలనొప్పి తప్ప లాభం లేదని నా అభిప్రాయం. స్విచ్ అవసరమైనది కీబోర్డుకు, మౌస్‌కు మాత్రమే.

గుంటూరు బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒక టాక్స్ కన్సల్టెంట్ సంగతే చూడండి. ఆయన బల్ల మీద ట్యాలీ ఉన్న డెస్క్‌టాప్ ఒకటి, ఇంటికీ ఆఫీసుకూ తిరిగే ల్యాప్‌టాప్ ఒకటి ఉంటాయి. ఎక్సెల్‌లో ఎక్కువ వరసలు ఒకేసారి కనపడాలని 27 అంగుళాల 4కె మానిటర్ కొన్నారు. దాంతోపాటు అట్టపెట్టె మీద ‘4కె’ అని రాసి ఉన్న కేవీఎం స్విచ్ కూడా తెచ్చుకున్నారు. బిగించిన రోజు నుంచే మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తోందని, షీటు కిందికి జరిపితే అంకెలు గెంతుతున్నాయని ఫిర్యాదు. మౌస్ మార్చారు, ఫలితం లేదు.

తేడా మౌస్‌లో లేదు. విండోస్‌లో Settings > System > Display > Advanced display తెరిచి, పైన ఆ మానిటర్‌ను ఎంచుకుంటే రిఫ్రెష్ రేటు కనపడుతుంది. అక్కడ 60 ఉండాల్సిన చోట 30 ఉంది. అంటే తెర మీద బొమ్మ సెకనుకు ముప్పైసార్లే మారుతోంది. కారణం చిన్న లెక్కలో తేలుతుంది. 4కె తెరలో సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 సార్లు అనుకుంటే దాదాపు 1,194 కోట్ల బిట్లు పంపాలి. హెచ్‌డీఎంఐ 1.4 తీగలో బొమ్మ కోసం మిగిలే దారి సెకనుకు 816 కోట్ల బిట్లే. అందులో పట్టాలంటే వేగం సగానికి తగ్గాలి. హెచ్‌డీఎంఐ 2.0 వచ్చాకే ఈ ఇరుకు తీరింది. ఆయన కొన్న పెట్టె 1.4 రకం. కాబట్టి ‘4కె’ అన్న మాట అబద్ధం కాదు, కానీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న ‘30 హెర్ట్జ్’ ఎవరూ చదవలేదు. దోషం పెట్టెదో కాదో తేల్చుకోవడానికి ఒకటే పరీక్ష: కంప్యూటర్‌ను నేరుగా మానిటర్‌కు తగిలించి అదే పేజీ మళ్లీ చూడాలి. అప్పుడూ 30 దగ్గరే ఆగితే కేబుల్‌నో, ల్యాప్‌టాప్ పోర్టునో అనుమానించాలి. ఆయన డెస్క్‌టాప్‌ను నేరుగా తగిలించగానే 60 వచ్చింది.

వేగం సరిపోయే పెట్టె కొన్నా ఇంకో చిక్కు మిగులుతుంది. మానిటర్ తగిలిందని కంప్యూటర్‌కు చెప్పడానికి హెచ్‌డీఎంఐలో ప్రత్యేకంగా ఒక పిన్ను ఉంది. అది పలకగానే కంప్యూటర్ మానిటర్‌లోని ఈడిడ్ అనే చిన్న సమాచారపు ముక్కను చదువుకుంటుంది. ఆ మానిటర్ ఏమిటో, ఎంత స్పష్టత, ఎంత వేగం చూపగలదో అందులో ఉంటుంది. చవక స్విచ్‌లు ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి మారినప్పుడు మొదటిదానికి ఆ పిన్ను తెగిపోతుంది. మానిటర్‌ను ఎవరో పీకేశారని అది అనుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే తెరిచి ఉన్న కిటికీలన్నీ తన చిన్న తెర మీదికి లాక్కుంటుంది. తిరిగొచ్చేసరికి ఎక్సెల్ ఒక మూల, బ్రౌజర్ ఒక మూల. విండోస్ 11లో కిటికీల స్థానం గుర్తుపెట్టుకునే సదుపాయం ఉంది గానీ, అన్ని ప్రోగ్రాములూ దాని మాట వినవు. ఈ బాధ లేకుండా రెండువైపులా ఈడిడ్‌ను తానే పట్టి చూపే కేవీఎంలు ఉన్నాయి, ఆ పనిని ఈడిడ్ ఎమ్యులేషన్ అంటారు. వాటికి ధర బాగా ఎక్కువ.

అందుకే నేను సూచించిన అమరిక వేరు. డెస్క్‌టాప్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ నేరుగా మానిటర్‌కే వెళ్తాయి. కీబోర్డు, మౌస్ మాత్రం ఒక మామూలు యూఎస్‌బీ స్విచ్‌కు తగులుతాయి. దాని నుంచి రెండు కంప్యూటర్లకు రెండు తీగలు. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐకి పెట్టడంలో ఉద్దేశం ఉంది. చాలా మానిటర్లు డిస్‌ప్లేపోర్ట్ ఇన్‌పుట్ నుంచి పక్కకు మారితే ఆ కంప్యూటర్‌తో సంబంధం తెంచేసుకుంటాయి, హెచ్‌డీఎంఐలో అది కొంత తక్కువ. మానిటర్ మెనూలో ఇన్‌పుట్‌ను తనంతట తానే వెతుక్కునే ‘ఆటో’ ఎంపికను ఆపేయాలి. లేకపోతే ఒక కంప్యూటర్ నిద్రపోగానే తెర రెండోదానికి దూకుతుంది.

దీనికో లోటుంది, దాచను. యూఎస్‌బీ మీట ఒకసారి, మానిటర్ మీట ఒకసారి, అంటే మార్చినప్పుడల్లా రెండు నొక్కులు. మానిటర్ వెనక మీట కోసం తడుముకోవడం విసుగే. దాన్ని తప్పించడానికి మానిటర్‌కు వీడియో కేబుల్‌లోంచే ఆజ్ఞ పంపవచ్చు. ఇన్‌పుట్ మార్చే ఆజ్ఞ కోడ్ 60. మొదటి డిస్‌ప్లేపోర్ట్‌కు 15, మొదటి హెచ్‌డీఎంఐకి 17. విండోస్‌లో ControlMyMonitor అనే ఉచిత ప్రోగ్రాముతో డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఇలా షార్ట్‌కట్ చేసుకోవాలి:

```
ControlMyMonitor.exe /SetValue Primary 60 17
```

ల్యాప్‌టాప్ మీద చివరి సంఖ్య 15. ఎవరు తెర మీద ఉన్నారో వాళ్లే తెరను అవతలివాళ్లకు అప్పగిస్తారన్నమాట. ల్యాప్‌టాప్‌లో బయటి మానిటర్‌ను ముఖ్య తెరగా పెట్టుకోకపోతే Primary అన్నది సొంత తెరను సూచిస్తుంది, అప్పుడు ఏమీ జరగదు. కొన్ని మానిటర్లు సంఖ్యలను తమ ఇష్టం వచ్చినట్టు వాడతాయి. అదే ప్రోగ్రాము తెరిచి, ఒక్కో ఇన్‌పుట్‌లో ఉన్నప్పుడు 60 పక్కన ఏ విలువ ఉందో చూసుకుంటే సరిపోతుంది.

ఇక యూఎస్‌బీ స్విచ్‌లో మిగిలిన ఖాళీ పోర్టులు. పనికొస్తాయి కదా అని మన కన్సల్టెంట్ గారు డిజిటల్ సంతకం టోకెన్ అక్కడ గుచ్చారు. రిటర్ను మీద సంతకం నడుస్తుండగా అసిస్టెంట్ మీట నొక్కితే టోకెన్ రెండో కంప్యూటర్‌కు వెళ్లిపోతుంది, సంతకం మధ్యలో ఆగుతుంది. మీట నొక్కడమంటే పీకి వేరేచోట గుచ్చడమే. పెన్‌డ్రైవ్ విషయంలో ఇది ఇంకా ప్రమాదం. ఫైలు కాపీ అవుతుండగా మారిస్తే ఆ ఫైలు పాడవుతుంది, ఒక్కోసారి డ్రైవ్ మొత్తం ఫార్మాట్ అడుగుతుంది. టోకెన్, పెన్‌డ్రైవ్, బ్యాకప్ డిస్కు నేరుగా కంప్యూటర్‌కే ఉండాలి. ప్రింటర్‌ను అక్కడ పెట్టినా నష్టం లేదు, ప్రింటు పూర్తయ్యాక మార్చాలన్న జాగ్రత్త ఉంటే చాలు.

అసలు కేవీఎం కొనాల్సిన సందర్భాలు లేకపోలేదు. మానిటర్‌కు ఒకటే ఇన్‌పుట్ ఉన్నవాళ్లు, మూడు నాలుగు యంత్రాలు ఒక్కచోట నుంచి చూసుకునేవాళ్లు కొనక తప్పదు. అలాంటివారు హెచ్‌డీఎంఐ 2.0, 60 హెర్ట్జ్, ఈడిడ్ ఎమ్యులేషన్ అన్న మూడూ అట్టపెట్టె మీద కాదు, స్పెసిఫికేషన్ల కాగితంలో వెతకాలి. బిల్లు కట్టేముందు కౌంటర్ దగ్గరే ల్యాప్‌టాప్ తగిలించి, స్విచ్‌ను రెండో వైపుకు తిప్పి, ల్యాప్‌టాప్ సొంత తెర మీద Display పేజీ చూడాలి. రెండో తెరకు గుర్తుగా ఉండే గడి ఇంకా అక్కడే కనపడుతుంటే ఆ స్విచ్ ఈడిడ్‌ను పట్టి ఉంచుతున్నట్టు.