అన్నీ మస్టే

చిక్కడపల్లిలో ఒక పచ్చళ్ళ కొట్టుకి యాప్ చేస్తున్నాం. మొదటి విడత ఎలా ఉండాలో తేల్చడానికి పెద్దాయన, వాళ్ళబ్బాయి, అకౌంటెంట్‌గారు మాదాపూర్‌లోని మా ఆఫీసుకి వచ్చారు. శాంపిల్ సీసాల అట్టపెట్టె మోసుకుని ప్యాకింగ్ కుర్రాడు కూడా వచ్చాడు.

బోర్డు మీద నాలుగు గడులు గీశాను: లేనిదే నడవనివి మస్ట్, ముఖ్యమే కానీ ఆగగలిగేవి షుడ్, ఉంటే బాగుండేవి కుడ్, ఈ విడతకి వద్దనుకున్నవి లేటర్. పనులు రాసిన చీటీలు ఇచ్చి, మీరే అంటించండి అన్నాను. పది నిమిషాల్లో మస్ట్ గడి పెళ్ళి పందిరిలా నిండిపోయింది. లేటర్‌లో ఒక్క చీటీ లేదు. ఎందుకుంటుంది? "తర్వాత చూద్దాం" అని పెద్దాయన అందరికీ చెప్పే మాటే కదా, దాని అర్థం ఆయనకి తెలీదా!

మాకున్నది నలుగురు డెవలపర్లు, పది పనిదినాలు. అంటే 40 రోజుల పని. మస్ట్ గడి ఒక్కటే 58 రోజులు తేలింది. మస్ట్ 60 శాతం దాటకూడదు, అంటే 24 రోజులు. మా అంచనా తప్పితే షుడ్, కుడ్‌లు కోసుకోవచ్చు. అన్నీ మస్టే అయితే కోయడానికేముంది?

"రెండు ఆదివారాలు కూడా వస్తే సరిపోదా బాబూ?" అన్నారు పెద్దాయన.

చీటీ చీటీకీ ఒకే ప్రశ్న వేశాను: "ఇది లేకపోతే యాప్ విడుదల ఆపేస్తారా? కష్టపడైనా వేరే దారిలో పని నడుస్తుందా?"

ఆన్‌లైన్ పేమెంట్? సీసా ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు, కాబట్టి షుడ్. జీఎస్టీ బిల్లు? కొట్టులోని కంప్యూటర్‌లో రోజూ కొడుతున్నదే. "నన్ను షుడ్‌లోకి తోస్తారా?" అని అకౌంటెంట్‌గారు కళ్ళజోడు తీసేశారు. తోసింది మిమ్మల్ని కాదండీ, చీటీని అని బతిమాలాను. పక్కన తేదీతో సంతకం పెట్టించుకుని ఒప్పుకున్నారు. డార్క్ మోడ్ కుడ్‌లోకి వెళ్ళింది. ఫోన్‌లో సీసా గిరగిరా తిరిగి కనిపించాలన్న అబ్బాయిగారి కోరిక మాత్రం మధ్యాహ్నం దాకా నడిచింది.

"తిరగకపోతే ఎవరూ కొనరు అన్నా!"

"కొట్లో ఎవడైనా తిప్పి చూసి కొంటున్నాడ్రా?" అన్నారు పెద్దాయన. అది లేటర్‌కి చేరింది, మళ్ళీ చూసే తేదీ వేసిన తర్వాతే.

అలా మస్ట్ 20 రోజులకి దిగింది. హమ్మయ్య అనుకునేలోపు కుర్రాడు పెట్టె దించి అడిగాడు: "అన్నా, ఆవకాయ అయిపోతే యాప్‌లో ఎవరు ఆపుతారు?"

అందరం బోర్డు వైపు చూశాం. ఇంత కొట్లాటలో ఆ చీటీ ఎవరూ రాయలేదు. లేని సరుకు అమ్ముకునేవాళ్ళం. రెండు రోజుల పని, సిసలైన మస్ట్. మొత్తం 22.

రాత్రి పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మా ఆవిడ ఫొటో మొదటి పేజీలో ఉండాలంటోంది. మస్ట్‌కి పైన ఇంకేదైనా గడి ఉందా?"