ఎర్ర సిరా ఎంతవరకు?

ప్రశ్న: విద్యార్థి వ్యాసంలో కనిపించిన ప్రతి తప్పునూ దిద్దాలా, కొన్నింటినే ఎంచుకుని వ్యాఖ్య రాయాలా?

మాస్టారు: తప్పును చూసి వదిలేస్తే అది ఒప్పని చెప్పినట్లే. పిల్లలు నొచ్చుకుంటారని రెండు మెచ్చుకోలు మాటలు రాసి పంపితే, అదే తప్పును ఏడాదంతా రాస్తారు.

టీచరమ్మ: మెచ్చుకోలు సంగతి కాదు, మాస్టారూ. మొన్న మీరు దిద్దిన వ్యాసమే చూద్దాం. బడిలో ఫోన్లను పూర్తిగా నిషేధించాలని మొదలుపెట్టిన అమ్మాయి, మూడో పేరాలో ఆపద వేళ ఫోను దగ్గరుండాలని రాసింది. ఆ పేరాలో మీరు పదకొండు అక్షరదోషాలు దిద్ది, చివర ‘వాదన స్పష్టంగా లేదు’ అన్నారు. ఆమె తిరగరాసినప్పుడు పదకొండింటినీ సవరించింది గానీ, ఆ వైరుధ్యం అలాగే ఉండిపోయింది.

మాస్టారు: స్పష్టత లేదని చెప్పాను కదా!

టీచరమ్మ: ఎక్కడ లేదో చెప్పలేదు. ఆ మాట ఏ వ్యాసం కిందనైనా అతుకుతుంది. నేనైతే ఆ పేరా పక్కనే ఇలా రాసేదాన్ని: ‘ఆపద గురించి ఆలోచించడం వల్ల నీ వాదన బలపడగలదు. అయితే మొదటి పేరాలో పూర్తి నిషేధం అన్నావు. రెండూ ఎలా పొసగుతాయి? నిషేధం పాఠం జరిగే వేళలకేనా?’ జవాబు ఆమెదే, దారి మాత్రం కనిపిస్తుంది. పైగా, రేపు కొట్టివేయవలసి రావచ్చని తెలిసిన పేరాలో ఒత్తులు దిద్దితే, ఆ పేరా ఉండవలసిందేనని ఆమె అనుకుంటుంది.

మాస్టారు: నా వ్యాసాలు ఎర్రగా తిరిగొచ్చేవి. నేనేమీ పాడైపోలేదు.

టీచరమ్మ: రాయడం మానేసినవాళ్లు ఆ మాట చెప్పడానికి ఇక్కడికి రారు కదండీ.

మాస్టారు: సరే, అక్షరదోషాల మాటేమిటి?

టీచరమ్మ: రెండో ప్రతిలో చూద్దాం, అప్పుడు కూడా దిద్దకుండా తప్పున్న వరుస పక్కన చిన్న గుర్తు పెడదాం. 1983లో రిచర్డ్ హాస్వెల్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులు అలాంటి గుర్తుల సాయంతో సగానికి పైగా తప్పులను తామే సరిదిద్దుకున్నారని రాశారు.

మాస్టారు: అవి తొందరలో దొర్లిన తప్పులు. ‘శ’కూ ‘ష’కూ తేడాయే తెలియని పిల్ల ఆ వరుసను పదిసార్లు చూసినా ఏం కనిపెడుతుంది?

టీచరమ్మ: అది నిజమే. గుర్తు పెట్టినా రెండోసారి అలాగే వస్తే, అది పరాకు కాదని తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్కటీ నేర్పాలి. నన్ను ఇబ్బంది పెట్టేది మార్కులు. 1988లో రూత్ బట్లర్ పిల్లలతో చేసిన ప్రయోగంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవారికి ఆసక్తి నిలిచింది, మార్కు కూడా ఇచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు. అక్కడ ఇచ్చినవి వ్యాసాలు కావు, కాబట్టి మనకు అంతే వర్తిస్తుందని పంతం పట్టను.

మాస్టారు: మార్కు వేయకుండా రిజిస్టరు నింపేదెలా?

టీచరమ్మ: తిరగరాసిన ప్రతికే వేద్దాం.

మాస్టారు: నలభై వ్యాసాలను రెండేసి సార్లు చదవాలన్నమాట. ఆ గంటలు ఎక్కడివో కూడా మీరే చెప్పండి.