నక్షత్రబలం గల అప్పు

అప్పు ఆఫర్ స్క్రీన్‌షాట్‌లో అన్నీ ఉంటాయి, ఒక్కటి తప్ప. నవ్వుతున్న జంట ఉంటుంది, వాళ్ల చేతిలో తాళంచెవి ఉంటుంది, సగం తెరను ఆక్రమించిన 12% ఉంటుంది. ఆ అంకె భుజం మీద చిన్న నక్షత్రం గుర్తు కూడా ఉంటుంది. ఆ నక్షత్రం సంగతేమిటో చెప్పే వాక్యం మాత్రం తెర అడుగున, చిత్రం కత్తిరించిన చోటికి సరిగ్గా ఒక గీత కింద అజ్ఞాతవాసం చేస్తుంటుంది.

మా బావగారు పంపింది కూడా ఈ జాతిదే. అప్పు 3,00,000 రూపాయలు, 36 నెలలు, 12 శాతం నక్షత్రసమేతంగా, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, నెల వాయిదా 11,333. కింద ఒకే ప్రశ్న: "ఎలా ఉంది బావా?"

దాని మీద కుటుంబ పరిశోధక మండలి సమావేశమైంది. మేనల్లుడు నక్షత్రాన్ని వేళ్లతో సాగదీశాడు. అది బూడిదరంగు గళ్లుగా మారింది గాని నిజం చెప్పలేదు. అత్తయ్య ఫోనును అడ్డంగా తిప్పి చూశారు, షరతులు పక్కకు ఒరిగి ఉంటాయేమోనని. మామయ్య కళ్లజోడు తుడుచుకుని, "12 అంటే నూటికి నెలకు రూపాయి. ధర్మవడ్డీ. తీసుకోవచ్చు" అని తీర్పిచ్చారు. స్పష్టత కోసం ఎవరో ఆ స్క్రీన్‌షాట్‌కు మరో స్క్రీన్‌షాట్ తీశారు. ఇంత మహాసభలో 11,333ను 36తో గుణించాలన్న అల్పమైన ఆలోచన ఒక్కరికీ రాలేదు.

గుణిస్తే సుమారు 4,08,000. అందులోంచి అసలు తీసేస్తే వడ్డీ 1,08,000. నక్షత్రం కనిపించకపోయినా పరవాలేదు, దాని జాతకమంతా ఇందులోనే ఉంది. మూడు లక్షలకు ఏడాదికి 12 శాతం అంటే 36,000, మూడేళ్లకు సరిగ్గా 1,08,000. దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. తగ్గే బాకీ మీద, అంటే ఆ నెల నిజంగా మిగిలి ఉన్న అసలు మీద మాత్రమే, అదే 12 శాతం కడితే వాయిదా వేరుగా ఉంటుంది. ఏ కంప్యూటర్ లెక్కల పట్టికలోనైనా ఇది కొట్టి చూడవచ్చు:

```
=PMT(12%/12, 36, -300000)
```

వచ్చేది దాదాపు 9,964. మొత్తం వడ్డీ 58,700 చిల్లర. స్క్రీన్‌షాట్‌లోని వాయిదా ఇంతకంటే బాగా ఎక్కువగా ఉంటే, 12 పక్కన ఫ్లాట్ అన్న మాట దాక్కుని ఉందని అనుమానించాలి. మా బావగారి విషయంలో ఆ దాగుడుమూతల ఖరీదు 49,000 పైచిలుకు.

"బ్యాంకు కూడా బతకాలి కదా" అని మామయ్య అన్నారు. బతకనివ్వండి. కానీ చిట్టచివరి వాయిదాను ఒకసారి చూడండి. ఫ్లాట్ లెక్కలో ప్రతి నెలా 8,333 అసలు, 3,000 వడ్డీ. 35 నెలలు కట్టేశాక మిగిలిన బాకీ 8,333. ఆ ఎనిమిది వేల చిల్లర మీద ఆ ఒక్క నెలకు 3,000 వడ్డీ! నెలకు 36 శాతం! ఎప్పుడో తిరిగి ఇచ్చేసిన డబ్బుకు మనిషి చేత ఇంకా వడ్డీ కట్టించుకోవడాన్ని ఏ పేరుతో పిలిచినా అది వంచనే. దాన్ని ఆఫర్ అని పిలిచి, పక్కన నవ్వుతున్న జంటను నిలబెట్టడానికి సిగ్గుండాలి. అక్కడ నష్టపోయేది లెక్క రాని మనిషి కాదు, లెక్క వేయడానికి కావలసిన ఒక్క మాటను దాచేయడంతో చేతులు కట్టేయబడిన మనిషి.

ఇక ఆ 2 శాతం ఫీజు. అది అప్పులోంచే ముందుగా కోసుకునే రకమైతే చేతికి వచ్చేది 2,94,000, వాయిదా మాత్రం మూడు లక్షలకే. నిజమైన రేటు తెలియాలంటే చేతికి వచ్చిన సొమ్మునే లెక్కలో పెట్టాలి:

```
=RATE(36, -11333, 294000)*12
```

పన్నులు, బీమా పేరిట మరేవైనా కోతలు ఉంటే అవి కూడా 294000లోంచి తీసేయాలి. అవేవీ లేవనుకున్నా జవాబు దాదాపు 22.7 శాతం. ఇది చెబితే బావగారు కాసేపు మౌనం వహించి, బ్యాంకుకు ఫోను చేశారు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "రేటు 12 శాతమేనండీ, షరతులు స్క్రీన్‌షాట్‌లోనే ఉన్నాయి, ఇంకాస్త కిందికి జరిపి చూడండి" అన్నదట. స్క్రీన్‌షాట్‌ను కిందికి ఎలా జరపాలో మండలి పరిశీలిస్తోంది.