కారు బ్యాటరీ ఫార్వర్డ్: ఆ మూడో పాయింట్ మాత్రం చేయకండి

"అందరికీ షేర్ చేయండి. కారు వారాల తరబడి పార్క్ చేస్తే బ్యాటరీ డౌన్ అవుతోందా? మెకానిక్ అక్కర్లేదు. 1) ఒకసారి పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీ పోయినట్టే, కొత్తది వేయండి. 2) వారానికి ఒకసారి స్టార్ట్ చేసి 5 నిమిషాలు ఉంచితే చాలు, బ్యాటరీ ఫుల్. 3) మల్టీమీటర్‌ను 10A లో పెట్టి బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు తాకించండి. సున్నా కాకపోతే కరెంట్ లీక్. 4) ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకండి. ఏది పీకితే రీడింగ్ పడిపోతుందో ఆ ఫ్యూజు పాడైనట్టు, మార్చేయండి. 5) బ్యాటరీని నేల మీద పెట్టొద్దు, ఛార్జ్ నేలలోకి దిగిపోతుంది. 6) నెల దాటి ఊరెళ్తే మైనస్ తీసేయండి."

ఈ నెలలో ఇది నాకు ఆరోసారి వచ్చింది. కాలేజీ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడుసార్లు. ఆరోసారి పంపింది మా బావగారు. ఆయన కారు కథ నాకు తెలుసు కాబట్టి, దాన్ని పట్టుకునే జవాబు రాస్తున్నాను.

ఐదోది ముందే తీసి పక్కన పెడదాం. ఇప్పటి బ్యాటరీ డబ్బా ప్లాస్టిక్. అందులోంచి కరెంట్ నేలలోకి దిగదు. అంతే.

ఒకటోదానికి బావగారి కారే సమాధానం. చిన్న హ్యాచ్‌బ్యాక్, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున లాగితే 35 గంటలకు సరిపడే నిల్వ. రోజూ ఆఫీసుకు తిరిగినన్నాళ్లు ఏ గొడవా లేదు. పన్నెండు రోజులు ఊరెళ్లి వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మంది తప్ప సెల్ఫ్ తీసుకోలేదు. వెంటనే కొత్త బ్యాటరీ వేయించారు. రెండు నెలలకు మళ్లీ ఊరెళ్లారు, పది రోజుల తర్వాత మళ్లీ అదే టిక్ టిక్. కుండకు చిల్లు ఉంటే నీళ్లు మార్చి ఏం లాభం? కాకపోతే ఒక మాట ఒప్పుకోవాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే వారాల పాటు వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ నిజంగానే పోతుంది. అందుకే ముందు ఛార్జర్ మీద పెట్టి నింపి, ఒక రాత్రి వదిలేసి వోల్టేజీ చూడాలి. 12.6 దగ్గర నిలబడితే బ్యాటరీ ఇంకా పనికొస్తుంది. ఏమీ కలపకుండానే తెల్లారేసరికి 12.2కి జారిపోతే అప్పుడు కొత్తది కొనండి.

రెండోది లెక్కలో తేలిపోతుంది. ఏ లోపం లేని కారు కూడా నిద్రలో 30 నుంచి 50 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ తాళం కోసం ఎదురుచూసే రిసీవర్, ఇవన్నీ దాని మీదే బతుకుతాయి. 30 మిల్లీఆంపియర్లంటే వారానికి 5 ఆంపియర్-అవర్లు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ బ్యాటరీకి 15 ఆంపియర్లు ఇస్తుందని ఉదారంగా అనుకున్నా 5 నిమిషాల్లో వచ్చేది 1.25. ఫుల్ ఎక్కడ అయింది? పైగా ఏసీ వేసుకుని కూర్చుంటారు. దీనికి విరుగుడుగా తిరిగే మరో మాట, 'స్టార్ట్ చేయడానికే బోలెడంత ఖర్చయిపోతుంది' అన్నదీ నిజం కాదు. 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగితే 0.08 ఆంపియర్-అవర్ మాత్రమే. అసలు సమస్య ఆ 5 నిమిషాలు చాలకపోవడం. అరగంటకు పైగా రోడ్డు మీద తిప్పితేనే ఏదైనా లాభం.

ఇక మూడోది. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను. దయచేసి ఇది చేయకండి.

వోల్టులు కొలిచేటప్పుడు మీటర్ ఒక గోడలాంటిది, దానిలోంచి కరెంట్ దాదాపు పోదు. ఆంపియర్లలో పెట్టి ఎర్ర వైరును 10A సాకెట్‌లో గుచ్చిన క్షణం నుంచి అది ఒక వైరు ముక్క. మీటరూ దాని రెండు వైర్లూ కలిపి మహా అయితే 0.1 ఓమ్. దాన్ని 12.6 వోల్టుల బ్యాటరీకి అడ్డంగా పెడితే 126 ఆంపియర్లు. అంటే బ్యాటరీని షార్ట్ చేశారు. చౌక మీటర్ల 10A దారిలో చాలావాటికి లోపల ఫ్యూజ్ కూడా ఉండదు. ప్రోబ్ కొన దగ్గర మెరుపు లేస్తుంది, వైరు తొడుగు చేతిలోనే కరుగుతుంది. అదీ ఎక్కడ? ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదిలే డబ్బా మీద, మీ మొహానికి అడుగు దూరంలో. ఇంటి గోడ ప్లగ్గు రెండు కన్నాల్లో మేకులు పెట్టి 'కరెంట్ ఉందా' అని చూసే మనిషి ఎవరైనా ఉంటే, ఈ మెసేజ్ రాసింది ఆయనే అయి ఉండాలి.

ఫ్యూజ్ ఉన్న మంచి మీటర్ అయితే ప్రాణం దక్కుతుంది గానీ ఇంకో తమాషా జరుగుతుంది. లోపల ఫ్యూజ్ టప్పున పోతుంది, తెర మీద 0.00 కనపడుతుంది. 'హమ్మయ్య, లీక్ లేదు' అని పంపినవాడికి థ్యాంక్స్ చెబుతారు. తర్వాత ఎంత సరిగ్గా కొలిచినా ఆ మీటర్ సున్నానే చూపిస్తుంది. గుర్తుపట్టే ఉపాయం తేలికే: బ్యాటరీకీ కారుకీ మధ్యలో మీటర్ ఉండగా క్యాబిన్ లైటు కూడా వెలగకపోతే కారుకు కరెంటే అందడం లేదని అర్థం, పోయింది మీటర్ ఫ్యూజే.

బ్యాటరీకీ కారుకీ మధ్య పారేదాన్ని కొలవాలంటే మీటర్ ఆ దారిలోనే కూర్చోవాలి. తాళం ఆఫ్, స్మార్ట్ కీ అయితే ఇంట్లో పెట్టి రండి. డ్రైవర్ డోరు తెరిచి ఉంచండి, ఎందుకంటే లోపలి ఫ్యూజ్ బాక్సు సాధారణంగా అక్కడే, మోకాలి దగ్గర ఉంటుంది. డోరు స్విచ్ లాక్‌లోనే ఉండే కార్లలో, ఆ లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో క్లిక్‌మనేదాకా తిప్పితే కారు డోరు మూసుందనే అనుకుంటుంది. బానెట్‌కు స్విచ్ ఉంటే దానికీ ఇదే మందు. పని అయ్యాక డోరు హ్యాండిల్ లాగి లాక్ విడిపించాకే మూయండి, లేకపోతే లాక్ విరుగుతుంది.

ఇప్పుడు పదో నంబరు స్పానర్‌తో మైనస్ క్లాంపు వదులు చేసి తీయండి. మీటర్ నల్ల వైరు COM అని రాసున్న సాకెట్‌లో, ఎర్ర వైరు 10A లో. ఎర్రది ఊడదీసిన క్లాంపుకు, నల్లది బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు. చేత్తో పట్టుకుని నిలబడకుండా క్లిప్పులు వాడండి. వీటికి తోడు ఒక లావుపాటి క్లిప్పు వైరును కూడా క్లాంపుకూ టెర్మినల్‌కూ మధ్య పెట్టండి. కరెంట్ కలిపిన వెంటనే కారులోని కంప్యూటర్లన్నీ లేచి కొన్ని ఆంపియర్లు లాగుతాయి, ఆ భారం మీటర్ మీద పడకుండా ఆ వైరు మోస్తుంది. ఇక ఏదీ ముట్టుకోకుండా 40 నిమిషాలు టీ తాగిరండి. వచ్చి ఆ వైరు తీస్తే అప్పుడు కనపడేది అసలు రీడింగ్. చాలామంది మీటర్ పెట్టగానే 1.8 చూసి గుండె బాదుకుంటారు, కారు ఇంకా నిద్రపోలేదంతే. మీటర్ మధ్యలో ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి.

బావగారి కారులో 40 నిమిషాల తర్వాత 0.16 ఆంపియర్ చూపించింది. రోజుకు 3.8 ఆంపియర్-అవర్లు. 35 అవర్ల బ్యాటరీ తొమ్మిది రోజుల్లో ఖాళీ, సెల్ఫ్ తీసుకోకపోవడం అంతకన్నా ముందే మొదలవుతుంది. ఆయన పన్నెండు రోజులు, పది రోజుల లెక్క సరిగ్గా సరిపోయింది.

నాలుగోదానికి సగం మార్కులు. ఫ్యూజులు పీకడం పాత పద్ధతే, పనిచేస్తుంది. ముందు బాక్సు ఫొటో తీసుకుని, మూతలో ఉండే ప్లాస్టిక్ చిమటాతో ఒక్కొక్కటీ తీశాను. మా మేనల్లుడు మీటర్ చూస్తూ అంకెలు చదివాడు. పదకొండోది తీయగానే "మావయ్యా, జీరో పాయింట్ జీరో త్రీ" అన్నాడు. మూత లోపలి బొమ్మ ప్రకారం అది ఆడియోది. మెసేజ్ మాట విని ఉంటే ఆ ఐదు రూపాయల ఫ్యూజు పారేసి, ఇంకో ఐదు రూపాయల ఫ్యూజు పెట్టి, పదో రోజుకు మళ్లీ టిక్ టిక్ వినేవాళ్లం. పాడైన ఫ్యూజు తెగిపోతుంది, తెగితే అందులో కరెంటే పోదు. రీడింగ్ పడిపోవడం చెప్పేది 'దొంగ ఈ వీధిలో ఉన్నాడు' అని మాత్రమే. వీధి బోర్డు మారిస్తే దొంగ పోతాడా?

స్టీరియో బయటికి లాగి చూస్తే దొంగ దొరికాడు. ఏడాది కిందట బయట షాపులో వేయించిన ఆండ్రాయిడ్ స్టీరియో. వెనక పసుపు వైరుకు ఎప్పుడూ కరెంట్ ఉండాలి, ఎర్ర వైరుకు తాళం తిప్పితేనే రావాలి. బిగించిన కుర్రాడు రెండూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టాడు. తెర నల్లబడ్డా లోపల యంత్రం నిద్రపోదు. ఎర్రదాన్ని విడదీసి తాళంతో వచ్చే వైరుకు కలిపాక, మళ్లీ 40 నిమిషాలకు మీటర్ 0.03 చూపించింది.

కొత్త కార్లలో పీకడంలో ఒక చిక్కుంది. ఒక ఫ్యూజు తీసి పెడితే నిద్రపోయిన కంప్యూటర్లు మళ్లీ లేస్తాయి, మళ్లీ అరగంట కాపలా. వాటిలో ఫ్యూజు తీయకుండానే, దాని నెత్తిమీద కనపడే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు. మీటర్ క్లాంపు దగ్గర కాదు, వోల్టుల్లో ఉంటుంది, మైనస్ కూడా బిగించే ఉంటుంది. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజులోంచి 100 మిల్లీఆంపియర్లు పోతుంటే అక్కడ దాదాపు 0.7 మిల్లీవోల్టు కనపడుతుంది, ఏమీ పోకపోతే సున్నా. ఇక చిన్న ఫ్యూజులన్నీ చూసినా దొంగ దొరకలేదంటే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి చూడాలి. లోపలి డయోడ్ లీకైతే ఈ బాక్సుల్లో ఎక్కడా దొరకదు. అక్కడ మాత్రం ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్లండి.

ఆరోది చదివి నవ్వుదామనుకున్నాను. లెక్క వేశాక నవ్వలేదు. లీక్ సరిచేశాక కూడా 0.03 అంటే రోజుకు 0.7 ఆంపియర్-అవర్. ఆ 35 అవర్ల బ్యాటరీ మూడున్నర వారాల్లో సగానికి వస్తుంది, పాతదైతే ఇంకా ముందే. కాబట్టి నెల ఊరెళ్తే మైనస్ తీసేయడమే సరైన పని, మెసేజ్ రాసినవారికి ఇక్కడ నమస్కారం. గడియారం మళ్లీ పెట్టుకోవాలి, కొన్ని కార్లలో అద్దాల ఆటో బటన్ మళ్లీ నేర్పాలి. మైనస్ తీశాక రిమోట్ పనిచేయదు, కీలో దాగి ఉండే మామూలు తాళంతో డోరు వేసుకోవాలి. డిక్కీ బటన్‌తో తెరుచుకునే కారైతే స్పానర్‌ను డిక్కీలో పెట్టి మూయకండి. ఎవరు మూశారని బావగారిని అడగొద్దు, నన్ను అసలే అడగొద్దు.