బరువు నార్మల్, స్కాన్ నార్మల్... అయినా పీసీఓఎస్ ఉండొచ్చు

ఆడవాళ్లలో హార్మోన్ల సమతుల్యత తప్పే పీసీఓఎస్ అనే సమస్యను తేల్చడానికి వైద్యులు చూసేవి మూడు. అండం విడుదల సరిగా జరగక నెలసరి గతి తప్పడం మొదటిది. పురుష హార్మోన్ల ప్రభావం ఎక్కువగా ఉండటం రెండోది. ఇది రక్తపరీక్షలో తెలియొచ్చు, లేదా గడ్డం మీద, పెదవి పైన, పొట్ట కింద మొలిచే ముదురు రోమాల రూపంలో కంటికే కనిపించొచ్చు. అండాశయాల్లో అండాలుండే చిన్న చిన్న సంచులు, అంటే ఫాలికల్స్, ఎదగకుండా ఆగిపోయి స్కానింగ్‌లో లెక్కకు మించి కనిపించడం మూడోది. ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా, ఇలాంటి లక్షణాలే తెచ్చే ఇతర జబ్బులు లేవని తేలితే, పీసీఓఎస్ ఉన్నట్టే. 2003లో రాటర్‌డామ్‌లో జరిగిన నిపుణుల సమావేశంలో కుదిరిన పద్ధతి ఇది. 2018లో, మళ్లీ 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్నే నిలబెట్టి, లోపల కొన్ని కొలతలు మార్చాయి.

బరువు ఈ మూడింట్లో ఎక్కడా లేదు. అయినా ఆచరణలో అదే నాలుగో ప్రమాణంలా పనిచేస్తోంది. లావుగా ఉన్న అమ్మాయి పీరియడ్స్ రావట్లేదని వెళితే పరీక్షలు రాసే డాక్టరే, సన్నగా ఉన్న అమ్మాయి అదే మాట చెబితే "టెన్షన్ పెట్టుకుంటున్నావా, సరిగ్గా తింటున్నావా" అని అడిగి పంపించేస్తారు. సన్నటివాళ్లు, టీనేజ్ పిల్లలు తప్పిపోవడానికి కారణం ప్రమాణాల్లో లోపం కాదని నా అభిప్రాయం. వాటిని చూసే వరుసే తలకిందులైంది. ముందు మనిషి ఆకారం, తర్వాత స్కాన్, తీరిక ఉంటే నెలసరి తేదీలు అన్నట్టు సాగుతోంది వ్యవహారం.

ఒక ఉదాహరణ అనుకుందాం. 12 ఏళ్లకు రజస్వల అయిన అమ్మాయి. సన్నగా, ఎత్తుకు తగ్గ బరువుతో ఉంటుంది. 14 ఏళ్ల వయసులో ఒక పీరియడ్‌కూ ఇంకో పీరియడ్‌కూ మధ్య 50 నుంచి 55 రోజులు పడుతోందని వాళ్లమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. "ఈ వయసులో మామూలే, అదే సర్దుకుంటుంది" అన్నారు. 17 ఏళ్లకు మొటిమలు తగ్గకపోగా, గడ్డం కింద రోమాలు ముదిరాయి. ఏడాదికి ఏడుసార్లే పీరియడ్స్. ఈసారి పొట్ట మీంచి స్కాన్ తీసి, అండాశయాలు నార్మల్‌గా ఉన్నాయనీ, పీసీఓఎస్ లేదనీ చెప్పారు. ఆ పైన నెలసరి క్రమపడటానికి హార్మోన్ మాత్రలు రాశారు.

మొదటిసారి ఆ డాక్టరు అన్నది పూర్తిగా తప్పు కాదు, కానీ ఆ మాటకు గడువు దాటింది. రజస్వల అయిన తొలి ఏడాది నెలసరి క్రమం తప్పినా పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే మెదడుకూ అండాశయానికీ మధ్య హార్మోన్ల సమన్వయం అప్పటికింకా కుదురుకోదు. ఏడాది దాటాక మాత్రం కొలతలున్నాయి. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య 21 రోజుల కంటే తక్కువ, 45 రోజుల కంటే ఎక్కువ వ్యవధి ఉంటే అది క్రమం తప్పడమే. మూడేళ్లు నిండాక పెద్దవాళ్ల లెక్కే వర్తిస్తుంది. పై హద్దు 35 రోజులకు దిగుతుంది, ఏడాదికి ఎనిమిది కంటే తక్కువసార్లు వచ్చినా తేడా ఉన్నట్టే. ఇక తొలి ఏడాది గడిచాక ఒక్కసారైనా 90 రోజులు దాటి ఆగితే చూపించుకోవాలి. మన ఉదాహరణలో అమ్మాయి రజస్వల అయ్యి రెండేళ్లయింది, వ్యవధి 50 రోజులు. అంటే 14 ఏళ్లకే గీత దాటింది. కాలెండర్ చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. వయసు ఎంత అని అడిగారు గానీ రజస్వల అయ్యి ఎన్నాళ్లయింది అని అడగలేదు. ఈ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది.

రెండోసారి జరిగిన పొరపాటు ఇంకా పెద్దది. టీనేజ్‌లో స్కాన్‌ను అసలు లెక్కలోకే తీసుకోకూడదు. ఈ వయసులో ఆరోగ్యంగా ఉన్న అండాశయంలో కూడా ఫాలికల్స్ బోలెడు ఉంటాయి కాబట్టి, స్కాన్‌ను నమ్ముకుంటే లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ గానీ, ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష గానీ నిర్ధారణకు వాడొద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీని వెనకే ఇంకో నియమం ఉంది. పెద్దవాళ్లకు మూడింట్లో రెండు చాలు, పిల్లలకు మాత్రం నెలసరి తేడా, పురుష హార్మోన్ల తేడా రెండూ ఉండి తీరాలి. అంటే ఈ అమ్మాయి స్కాన్ బాగున్నా ఒకటే, బాగాలేకపోయినా ఒకటే. "స్కాన్ నార్మల్, పీసీఓఎస్ లేదు" అన్న వాక్యానికి 17 ఏళ్ల వయసులో అర్థమే లేదు.

పెద్దవాళ్లలో కూడా స్కాన్ విషయం అనుకున్నంత సూటిగా ఉండదు. 2003లో ఒక అండాశయంలో 12 ఫాలికల్స్ ఉంటే చాలన్నారు. తర్వాత స్కానింగ్ యంత్రాలు మెరుగుపడి, ముందు కనపడనివి కూడా కనపడటం మొదలయ్యాక ఆ సంఖ్యను 20కి పెంచారు. అదీ యోనిమార్గం ద్వారా, మంచి యంత్రంతో తీసిన స్కాన్‌కే. పొట్ట మీంచి తీస్తే ఒక్కో ఫాలికల్‌ను లెక్కపెట్టడం కష్టం, అప్పుడు అండాశయం పరిమాణం 10 మిల్లీలీటర్లకు చేరిందా అన్నది చూస్తారు. రిపోర్టులో సంఖ్య లేకుండా, పరిమాణం లేకుండా "నార్మల్" అని మాత్రమే ఉంటే అందులో తేలిందేమీ లేదు.

కాబట్టి మన అమ్మాయి విషయంలో తేల్చాల్సింది పురుష హార్మోన్ల సంగతి. ఇక్కడే సన్నటివాళ్లు రెండోసారి తప్పిపోతారు. రోమాలను వైద్యులు ఒక పట్టిక ప్రకారం కొలుస్తారు. శరీరంలో తొమ్మిది చోట్ల సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసి కూడతారు. జాతిని బట్టి మొత్తం 4 నుంచి 6కు చేరితే ఎక్కువ ఉన్నట్టు. అయితే డాక్టరు గదిలోకి వచ్చే అమ్మాయి అప్పటికే గడ్డం, పై పెదవి శుభ్రం చేసుకుని వస్తుంది. ఎవరు మాత్రం అలాగే వస్తారు? "ఎన్నాళ్లకోసారి తీసుకుంటున్నావు, ఎక్కడెక్కడ" అని అడక్కుండా మొహం చూసి వేసే మార్కులు సున్నాకే వస్తాయి.

రక్తపరీక్షలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. రక్తంలోని టెస్టోస్టిరాన్‌లో చాలాభాగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. స్వేచ్ఛగా తిరిగే కొద్దిపాటి భాగమే చర్మం మీద, రోమాల మీద పనిచేస్తుంది. ఈ అమ్మాయికి మొత్తం టెస్టోస్టిరాన్ లీటరుకు 1.9 నానోమోల్స్ వచ్చిందనుకుందాం. చాలా ల్యాబులు దాన్ని నార్మల్ అనే రాస్తాయి. ఎస్‌హెచ్‌బీజీ కూడా చేయించి, టెస్టోస్టిరాన్‌ను వందతో గుణించి ఎస్‌హెచ్‌బీజీతో భాగిస్తే, స్వేచ్ఛగా తిరిగే పురుష హార్మోన్‌ను అంచనా వేసే ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్ వస్తుంది. ఎస్‌హెచ్‌బీజీ 60 ఉంటే అది 3.2, చింత లేదు. అదే 30 ఉంటే 6.3. హద్దు ల్యాబును బట్టి మారుతుంది గానీ, 5 దాటితే సాధారణంగా ఎక్కువ అనే చూస్తారు. మొత్తం టెస్టోస్టిరాన్ ఒక్కటే చూస్తే ఈ రెండు సందర్భాలకూ తేడా తెలియదు.

అసలు సన్నటివాళ్లకు ఇది ఎందుకు వస్తుంది? అండాశయంతో పురుష హార్మోన్లు ఎక్కువ తయారు చేయించేవి ప్రధానంగా రెండు. ఒకటి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్, రెండోది ఇన్సులిన్. బరువు ఎక్కువ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ పాత్ర పెద్దది. అది లివర్‌లో ఎస్‌హెచ్‌బీజీ తయారీని కూడా తగ్గించి సమస్యను రెట్టింపు చేస్తుంది. సన్నటివాళ్లలో ఎల్‌హెచ్ ఎక్కువగా ఉండటం తరచూ కనిపిస్తుంది. అలాగని వాళ్లలో ఇన్సులిన్ సమస్య ఉండదని కాదు, బరువుతో సంబంధం లేకుండా కూడా కొంత ఉంటుంది. దాని వల్ల ఒళ్లు రాలేదు కాబట్టి ఎవరూ అనుమానించరు, అంతే.

సన్నటివాళ్ల విషయంలో వైద్యులు ఆచితూచి మాట్లాడటానికి ఒక న్యాయమైన కారణం కూడా ఉంది. తిండి బాగా తగ్గించినా, విపరీతంగా వ్యాయామం చేసినా, తీవ్రమైన ఒత్తిడి ఉన్నా మెదడు నెలసరిని ఆపేస్తుంది. అలాంటివాళ్లలో కొందరికి స్కాన్‌లో ఫాలికల్స్ కూడా ఎక్కువే కనిపిస్తాయి. కాగితం మీద మూడింట్లో రెండు కుదిరినట్టే ఉంటుంది. కానీ వీళ్లలో ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటాయి, టెస్టోస్టిరాన్ పెరగదు, ముదురు రోమాలూ ఉండవు. ఇలాంటి అమ్మాయికి పీసీఓఎస్ అని చెప్పి డైటింగ్ చేయమంటే మరింత నష్టం. "వేరే జబ్బులు లేవని తేలాక" అన్న షరతు ఉన్నది ఇందుకే. థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల పరీక్షలతో పాటు, అడ్రినల్ గ్రంథి లోపాన్ని పట్టే 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ కూడా చూడాలి. ఈ చివరిదాన్ని చాలామంది రాయరు. పుట్టుకతో వచ్చే ఆ లోపం స్వల్పంగా ఉంటే అచ్చం పీసీఓఎస్‌లాగే కనిపిస్తుంది, సన్నటివాళ్లకూ వస్తుంది.

ఇక ఆ మాత్రల సంగతి. గర్భనిరోధక హార్మోన్ మాత్రలు వేసుకుంటే నెలనెలా రక్తస్రావం వస్తుంది, అండం మాత్రం విడుదల కాదు. అవి ఎస్‌హెచ్‌బీజీని పెంచి, టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి. మొటిమలూ రోమాలూ తగ్గి అమ్మాయికి ఉపశమనం దొరుకుతుంది కాబట్టి మందుగా వాటిని తప్పుపట్టలేం. కానీ పరీక్షలకు ముందే అవి మొదలుపెడితే ఆధారాలు చెరిగిపోతాయి. తర్వాత తేల్చాలంటే కనీసం మూడు నెలలు ఆపి పరీక్షించాలి. మాత్ర రాసే ముందు ఒక్కసారి రక్తం తీయించి ఉంటే ఈ అవస్థ ఉండదు.

ఈ అమ్మాయికి ఇండెక్స్ 6.3 వచ్చి, మిగతా పరీక్షల్లో ఏమీ లేదనుకుందాం. నెలసరి తేడా, హార్మోన్ తేడా రెండూ ఉన్నాయి కాబట్టి స్కాన్‌తో పనిలేకుండా 17 ఏళ్లకే నిర్ధారణ అయిపోతుంది. ఒకవేళ ఇండెక్స్ 3.2 వచ్చి, రోమాల మార్కులు కూడా తక్కువే ఉండి, నెలసరి తేడా ఒక్కటే మిగిలితే? అప్పుడు "పీసీఓఎస్ ఉంది" అనకూడదు, "లేదు" అనీ అనకూడదు. ముప్పు ఉన్నట్టుగా ఫైల్లో రాసి, లక్షణాలకు మందులిస్తూ, రజస్వల అయ్యి ఎనిమిదేళ్లు నిండాక మళ్లీ చూడాలి. ఈమె విషయంలో అది 20వ ఏట. చిక్కేమిటంటే, ఈ మధ్యస్థ స్థితిని రాసుకునే అలవాటు మన వైద్యంలో తక్కువ. "ఉంది" అంటే మందులు, "లేదు" అంటే ఫైల్ మూసేయడం. మళ్లీ రమ్మని తేదీ వేయకపోతే ఆ అమ్మాయి పిల్లలు పుట్టలేదని వచ్చేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

నిర్ధారణ అయ్యాక కూడా సన్నటివాళ్లకు జరగకుండా పోయే పరీక్ష ఒకటుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు షుగర్ చూసే పరీక్ష. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు బీఎంఐ ఎంతున్నా షుగర్ స్థితి చూడాలనీ, అందుకు ఈ పరీక్షే మేలనీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. "నీకెందుకమ్మా, సన్నగానే ఉన్నావుగా" అని దాన్ని వదిలేస్తే, అదే అమ్మాయికి షుగర్ సమస్య మొదటిసారి గర్భంలో బయటపడే అవకాశం ఉంది.