మొదటి రోజు నుంచే మెచ్చుకోలు తగ్గించమనే సందేశం ఎక్కడ తప్పింది

“పిల్లల్ని ప్రతిసారీ మెచ్చుకుంటే మంచి అలవాటు నిలవదు. ఎప్పుడో ఒకసారి మెచ్చుకుంటేనే బలంగా నిలుస్తుందని స్కిన్నర్ పావురాలతో నిరూపించాడు. కాబట్టి మొదటి రోజు నుంచే మెచ్చుకోలు తగ్గించండి. ఎప్పుడు మెచ్చుకుంటారో వాళ్ళకు అస్సలు తెలియనివ్వకండి.”

ముందు ఈ సందేశం చెప్పుకున్న అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ దగ్గర మొదలుపెడదాం. ఈ పరిశోధన మొదలైంది పావురాలతో కాదు, ఎలుకలతో. 1930లలో ఆయన ఎలుక మీట నొక్కితే మేత ఉండ పడే పెట్టె తయారు చేసుకున్నారు. ఆ ఉండలు చేసుకోవాల్సింది కూడా ఆయనే. ఒక శనివారం లెక్క చూసుకుంటే, ఉన్న సరుకు సోమవారం పొద్దుటికి అయిపోయేలా ఉంది. నొక్కిన ప్రతిసారీ కాకుండా నిమిషానికి ఒకసారి మాత్రమే ఇద్దామనుకున్నారు. ఎలుకలు నొక్కడం మానలేదు. అక్కడ మొదలైన పని పావురాలతో ఏళ్ళ తరబడి సాగింది. 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన ప్రచురించిన పెద్ద పుస్తకం మొత్తం ఈ బహుమతి షెడ్యూళ్ళ గురించే, అంటే బహుమతి ఎన్నిసార్లకు, ఎంతసేపటికి ఒకసారి ఇవ్వాలన్న పద్ధతుల గురించే.

ఈ ప్రయోగాల్లో “నిలవడం” అంటే ఏమిటో సందేశం రాసినవాళ్ళు చూసుకోలేదు. బహుమతి పూర్తిగా ఆపేశాక ఆ పని ఇంకా ఎంతసేపు సాగుతుందన్నదే అక్కడి కొలత. మన బి.ఎడ్. పుస్తకాల్లో దీన్ని విరమణ అంటారు. ప్రతిసారీ మేత దొరికిన జంతువు, మేత ఆగిపోగానే తొందరగా మానేస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికినది చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. 1939లో హంఫ్రీస్ మనుషుల కంటిరెప్ప ప్రతిచర్య మీద చేసిన ప్రయోగంలోనూ ఇదే తేడా కనిపించింది. కాబట్టి ఆ వాక్యంలో నిజం ఉంది. కానీ అది మెచ్చుకోలు ఆగిపోయిన తర్వాతి సంగతి. మెచ్చుకోలు అందుతున్నన్నాళ్ళూ అలవాటు బలహీనంగా ఉంటుందని ఈ ఫలితాలు ఎక్కడా చెప్పవు.

ఆ తేడా ఎందుకొస్తుందో కిక్ కొట్టే పాత స్కూటర్‌ను తలచుకుంటే తెలుస్తుంది. ఎప్పుడూ ఒకే కిక్‌కు స్టార్టయ్యే బండి ఒకరోజు మూడు కిక్కులకు కూడా లేవకపోతే, ఏదో పాడైందని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తాం. ఒక్కోసారి రెండో కిక్‌కు, ఒక్కోసారి పన్నెండో కిక్‌కు లేచే బండి అయితే చెమటలు పట్టేదాకా కొడుతూనే ఉంటాం. ఎందుకంటే ఇవాళ నిజంగా పాడైందో, రోజూ ఉండే మొండితనమో తేల్చుకోలేం. బహుమతి అప్పుడప్పుడే వచ్చేచోట, అది శాశ్వతంగా ఆగిందని గుర్తించడమే కష్టం. పైగా, నాలుగుసార్లు దక్కకపోయినా అయిదోసారి దక్కడం చూసినవాడికి, దక్కకపోవడం కూడా ‘ఇంకొంచెం ప్రయత్నించు’ అనే సూచన అయిపోతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. 1983లో నెవిన్, ఆయన సహచరులు ఒకే పావురానికి వంతులవారీగా రెండు రకాల సమయాలు పెట్టారు. ముక్కుతో పొడిస్తే ఒకదాంట్లో మేత ఎక్కువగా దొరుకుతుంది, ఇంకోదాంట్లో తక్కువగా. మధ్యలో పొడవకపోయినా ఊరికే మేత వేసి ఆ పనికి ఆటంకం కలిగించి చూస్తే, మేత ఎక్కువ దొరికిన చోటే పావురం పొడవడం మానకుండా గట్టిగా నిలబడింది. అంటే “తక్కువిస్తే బలం” అనేది సర్వత్రా పనిచేసే సూత్రం కాదు.

సందేశంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది “మొదటి రోజు నుంచే” అన్న మాట. ఏ పనికి బహుమతి వస్తుందో ఇంకా తెలియని దశలో బహుమతి అరుదైతే, ఆ రెండింటి మధ్య లంకె పడనే పడదు. అందుకే ప్రయోగశాలలో కూడా మొదట ప్రతి పొడుపుకూ మేత ఇస్తారు. పని స్థిరపడ్డాక రెండింటికి ఒకసారి, మూడింటికి, అయిదింటికి, పదింటికి అంటూ మెల్లగా పలచన చేస్తారు. ఒకటి నుంచి ఒక్కసారిగా యాభైకి దూకితే పావురం ఆగిపోతుంది. అది యాభై పొడుపులు పొడవలేక కాదు, అంత దూరం దానికి అలవాటు కాలేదు గనక.

ఇంట్లో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. ఆరేళ్ళ పాప బడి నుంచి రాగానే చెప్పులు స్టాండులో పెట్టాలి, అంతే అనుకుందాం. మొదటి వారం పది రోజులు పెట్టిన ప్రతిసారీ, వెంటనే, పెట్టిన పని పేరు చెప్పి మెచ్చుకోవాలి: “చెప్పులు లోపల పెట్టావు, బాగుంది తల్లీ.” గుర్తు చేయకుండానే వరసగా నాలుగైదు రోజులు పెట్టిందంటే, అప్పుడు రెండుసార్లకు ఒకసారి చాలు. తర్వాత వారంలో ఎప్పుడైనా రెండుసార్లు. మధ్యలో పాప చెప్పులు వదిలేసి వెళ్ళడం మొదలుపెట్టినా, పెట్టేముందు తటపటాయించినా, మనం తొందరపడ్డామని అర్థం. అప్పుడు తిట్టే పనిలేదు, ఒక మెట్టు వెనక్కి వెళ్తే సరిపోతుంది.

“ఎప్పుడో తెలియనివ్వకండి” అన్నది సగం సరైనదే. నిర్ణీత సంఖ్యలో పొడిస్తే మేత దొరికే పావురం, మేత తిన్నాక కాసేపు ఆగుతుంది. నిర్ణీత సమయానికి ఒకసారి దొరికేది, గడువు దగ్గరపడేదాకా దాదాపు పట్టించుకోదు. పరీక్ష ముందురోజు మాత్రమే చదివే పిల్లల తీరు ఇలాగే కనిపిస్తుంది. సంఖ్య మారుతూ ఉంటే ఆ విరామం పోయి, పని వేగంగా, ఎడతెగకుండా సాగుతుంది. అయితే ఇక్కడ తెలియకుండా ఉండాల్సింది ఎన్నోసారికి వస్తుందన్నది మాత్రమే. దేనికి వస్తుందన్నది స్పష్టంగా తెలిసి తీరాలి. అమ్మ మూడ్‌ను బట్టి వచ్చే మెచ్చుకోలు ఏ పనితోనూ ముడిపడదు. పిల్లకి మిగిలేది టెన్షన్.

ఆ సందేశం అసలు ప్రస్తావించని విషయం ఇంకొకటి ఉంది. అప్పుడప్పుడు దక్కేదాని కోసం పట్టు వదలరన్న ఇదే సూత్రం చెడు అలవాట్లనూ అంతే మొండిగా నిలబెడుతుంది. 1959లో విలియమ్స్ ప్రచురించిన ఒక బాబు కథ దీనికి మంచి ఉదాహరణ. వయసు 21 నెలలు. పసితనంలో జబ్బుపడినప్పుడు ఇంట్లోవాళ్ళు అంటిపెట్టుకుని చూసుకున్నారు. కోలుకున్నాక కూడా, తను నిద్రపోయేలోపు ఎవరైనా గది దాటితే గుక్కపెట్టి ఏడ్చేవాడు. రోజూ అరగంట నుంచి రెండు గంటలు పక్కన కూర్చోవాల్సి వచ్చేది. ఆరోగ్యం బాగుందని తేల్చుకున్నాక, పడుకోబెట్టి తలుపు మూసి ఇక లోపలికి వెళ్ళకూడదని నిర్ణయించారు. మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి ఏడుపు పూర్తిగా పోయింది. ఓ వారం తర్వాత పిన్నో అత్తో, ఆ ఇంటి బంధువు ఒకావిడ పడుకోబెట్టినప్పుడు మళ్ళీ ఏడ్చాడు. ఆవిడ జాలిపడి వెనక్కి వెళ్ళి, నిద్రపోయేదాకా కూర్చుంది. ఆ ఒక్కసారితో ఏడుపు తిరిగొచ్చింది, మొత్తం ప్రక్రియ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి అందరూ నిలకడగా ఉండేసరికి తగ్గింది.

మనిళ్ళలో ఫోన్ కోసం పెట్టే పేచీ సరిగ్గా ఇలాగే పెరుగుతుంది. అమ్మ వద్దంటుంది, నాన్న వద్దంటాడు, పదోసారికి తాతయ్య “పోనీలే పాపం” అని చేతిలో పెడతాడు. ఫోన్ మానిపించాలని ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజుల్లో గోల ముందుకంటే పెరగొచ్చు. సరిగ్గా ఆ పూటే లొంగిపోతే, ఎంత గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందో మనమే నేర్పినట్టవుతుంది. కాబట్టి ఆపాలనుకునే ఇల్లు ముందు తాతయ్యతో మాట్లాడుకోవాలి, తర్వాతే మొదలుపెట్టాలి.